కెటిల్ ఫ్రీగా వచ్చిందని ఎక్కడ, ఎలా చెప్పాలి?

ప్రశ్న: కాకినాడలో బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. హాస్టల్ పిల్లలకి పనికొచ్చే సామాన్ల మీద ఇన్‌స్టాలో రీల్స్ చేస్తాను, 9 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఒక కంపెనీ 2,400 రూపాయల ఎలక్ట్రిక్ కెటిల్ ఫ్రీగా పంపింది. డబ్బులేం ఇవ్వలేదు, ఉన్నదున్నట్టు చెప్పుకోమన్నారు. అలాంటప్పుడు కూడా ఫ్రీగా వచ్చిందని చెప్పాలా? చెబితే కంపెనీకి అమ్ముడుపోయాననుకుంటారేమోనని టెన్షన్. షాపింగ్ సైట్‌లో కూడా రివ్యూ పెట్టమంటున్నారు. రేపు డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగానికి ఈ రీల్స్‌నే చూపించాలనుకుంటున్నాను.

జవాబు: చెప్పాలి. మీరు నిజమే చెబుతారని నేను నమ్ముతాను. కానీ చూసేవాళ్లకి ఆ నమ్మకం కుదరాలంటే ముందు వాళ్లకి ఒక విషయం తెలియాలి: ఈ కెటిల్ మీరు జేబులోంచి 2,400 తీసి కొన్నారా, లేక డబ్బా ఇంటికి నడిచొచ్చిందా? సొంత డబ్బుతో కొన్న వస్తువు రెండో వారంలో మొరాయిస్తే కడుపు మండుతుంది. ఫ్రీగా వచ్చింది మొరాయిస్తే ‘పోనీలే’ అనిపిస్తుంది. ఆ తేడా మనకి తెలియకుండానే మాటలోకి దిగుతుంది. అందుకే మన దేశంలో ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఆస్కీ, 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం పెట్టిన నియమాల్లో ఈ మాట విడిగా రాసింది. అభిప్రాయం పూర్తిగా మీదే అయినా, ఏ పక్షపాతమూ లేకపోయినా, కంపెనీ నుంచి ఏదైనా అందితే అది చెప్పి తీరాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెప్పాయి. డబ్బు ఒక్కటే కాదు, ఫ్రీ వస్తువు, డిస్కౌంటు, హోటల్ బస, చివరికి కంపెనీలో మీ బావగారు పనిచేయడం కూడా లెక్కలోకే వస్తాయి. వస్తువు ఇస్తూ షరతు పెట్టారా లేదా అన్నదానితో పని లేదు.

జరిమానా సంగతి అడుగుతారు కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. 9 వేల ఫాలోవర్ల పేజీ మీదకి ఢిల్లీ నుంచి ఎవరో వస్తారని నేననుకోను. మీకు ముందు తగిలే దెబ్బ కామెంట్లలోనే ఉంటుంది. అదే కంపెనీ అదే వారంలో పది పేజీలకి అదే కెటిల్ పంపి ఉంటుంది. పది మందీ ఒకేసారి ‘నాకు భలే నచ్చింది’ అంటుంటే మీ ఫాలోవర్లకి విషయం పట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక ఎలా చెప్పాలో చూద్దాం. చాలామంది చెప్తారు, కానీ కనబడకుండా చెప్తారు. మీ రీల్ 90 సెకన్లనుకుందాం. ఆస్కీ నియమం ప్రకారం 15 సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. అంతకు మించి 2 నిమిషాల లోపు ఉంటే వీడియోలో మూడో వంతు సేపు ఉండాలి. అంటే మీకు 30 సెకన్లు. 2 నిమిషాలు దాటిన వీడియోలో ఆ వస్తువు గురించి మాట్లాడినంతసేపూ తెర మీద ఉండాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం వీడియోలో రాసి ఊరుకుంటే సరిపోదు, నోటితోనూ చెప్పాలి. అదీ మీరు రివ్యూ చేసే భాషలోనే. తెలుగులో మాట్లాడే రీల్‌కి మూలన ఇంగ్లిష్‌లో #sp అని పెడితే కాకినాడ హాస్టల్‌లో ఇంటర్ చదివే పిల్లకి ఏం అర్థమవుతుంది?

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. కెటిల్ చేతిలో పట్టుకుని మొదటి వాక్యంగా: ‘ఈ కెటిల్ కంపెనీ వాళ్లు నాకు ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. మూడు వారాలు వాడి చెబుతున్నాను.’ అదే సమయంలో తెర మీద: ‘ప్రకటన: కెటిల్ ఉచితంగా వచ్చింది’. ‘ప్రకటన’ అనే మాట మీకు నచ్చకపోవచ్చు, ఇది రివ్యూ కదా అంటారు. ఆస్కీ ఒప్పుకునే లేబుళ్ల జాబితాలో ‘ఉచిత బహుమతి’ కూడా ఉంది. కానీ ఆ రెండు మాటలు ఒంటరిగా ఉంటే పుట్టినరోజుకి ఎవరో ఇచ్చారేమో అనుకునే వీలుంది. ఎవరిచ్చారో, ఏమిచ్చారో ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఏ లేబుల్ వాడాలన్న చర్చే ఉండదు.

ఆ అక్షరాలు తెర మీద ఎక్కడ పెట్టారన్నది కూడా చూసుకోండి. రీల్‌లో కింద భాగం మీద మీ పేరు, క్యాప్షన్ పడతాయి. కుడి పక్కన లైక్, షేర్ గుర్తులు కూర్చుంటాయి. ఎడిట్ చేసేటప్పుడు శుభ్రంగా కనబడిన అక్షరాలు పోస్ట్ చేశాక వాటి వెనక్కి పోతాయి. తెల్లటి కెటిల్ మీద తెల్ల అక్షరాలు పెట్టడం ఇంకో తప్పు. పోస్ట్ చేసే ముందు మీ రూమ్‌మేట్ ఫోన్‌కి పంపి, సౌండ్ తీసేసి చూడమనండి. చూశాక ‘ఇది నేను కొన్నానా, ఎవరైనా ఇచ్చారా?’ అని అడగండి. తడుముకుంటే మళ్లీ ఎడిట్ చేయాల్సిందే.

క్యాప్షన్‌లోనూ అంతే. మొదటి రెండు లైన్లలో ఉండాలి, ‘మోర్’ నొక్కితే తప్ప కనబడని చోట కాదు. పదిహేను హ్యాష్‌ట్యాగుల మధ్య #ad దూర్చితే చెప్పినట్టు లెక్క కాదు, ఆస్కీ నియమమూ కేంద్రం మార్గదర్శకాలూ దీన్ని పేరుపెట్టి కాదన్నాయి. ‘థాంక్యూ’ అని రాసి కంపెనీని ట్యాగ్ చేయడం కూడా చెప్పడం కాదు, అది వాళ్లకి చేసిన దండం. ఇన్‌స్టాలో ఉండే Paid partnership ట్యాగ్ పెట్టండి. వస్తువు తీసుకుని చేసిన పోస్టులకి కూడా అది పెట్టమనే వాళ్ల రూల్. డబ్బు తీసుకోలేదే, ఈ పేరేమిటని ఇబ్బంది పడతారేమో. అందుకే పక్కన మీ వాక్యం ఉండాలి.

‘వీడియో ముందుగా కంపెనీకి చూపించలేదు’ అని కొందరు చేరుస్తారు. మంచి మాట, నిజమైతేనే. మీకొచ్చిన మెసేజ్ మళ్లీ చదవండి. ఉన్నదున్నట్టు చెప్పుకోండి అన్న వాళ్లే కింద ‘పోస్ట్ చేసే ముందు అప్రూవల్‌కి పంపండి’ అని రాస్తారు. పోయినేడాది నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు ఇలాగే ఒక టేబుల్ లైట్ రివ్యూ కంపెనీకి పంపాడు. వైర్ చిన్నది, మంచం దాకా రాదు అన్న 8 సెకన్లు తీసేయమన్నారు. తీసేశాడు. ‘నా నిజాయితీ అభిప్రాయం’ అన్న మాట మాత్రం ఉంచేశాడు. ఫ్రీగా వచ్చిందని స్పష్టంగా చెప్పాడు కూడా. అయినా ఆ వీడియో రివ్యూ కాదు, కంపెనీ కత్తెర పడిన ప్రకటన. అందుకని కెటిల్ పెట్టె విప్పకముందే వాళ్లకి రాతపూర్వకంగా ఇది పంపండి:

‘వస్తువు ఫ్రీగా అందిందని వీడియోలోనూ క్యాప్షన్‌లోనూ చెబుతాను. ధర, స్పెసిఫికేషన్లలో తప్పుంటే సరిదిద్దుకుంటాను. నా అభిప్రాయం మార్చను. షాపింగ్ సైట్లలో రివ్యూ పెట్టను. ఇది మీకు కుదరకపోతే కెటిల్ తిరిగి పంపేస్తాను.’

కొందరు దీనికి జవాబే ఇవ్వరు. వాళ్లు ఎందుకు పంపారో అక్కడే తెలిసిపోతుంది. ‘ఫ్రీ అని చెప్పకండి, రీచ్ తగ్గుతుంది’ అని జవాబొస్తే ఆ మెసేజ్ దాచిపెట్టుకుని కెటిల్ వెనక్కి పంపేయండి.

షాపింగ్ సైట్ రివ్యూ పెట్టనని ఎందుకు రాయమన్నానంటే, మీ సొంత పేజీ వేరు, అమ్మే చోటు వేరు. మీ పేజీలో ఫ్రీ అని చెబితే సరిపోతుంది. అమెజాన్ లాంటి చోట చెప్పినా ఒప్పుకోరు. ‘ఫ్రీగా తీసుకుని నిజాయితీగా రాశాను’ అనే రివ్యూలని అమెజాన్ 2016లోనే ఆపేసింది. వైన్ అనే వాళ్ల సొంత కార్యక్రమం ద్వారా వచ్చినవి మాత్రమే మినహాయింపు, వాటి మీద ఉచిత వస్తువని సైటే ముద్ర వేస్తుంది. దీన్ని దాటడానికి ఒక దొడ్డిదారి ఉంది: ‘మీ డబ్బుతో ఆర్డర్ చేయండి, 5 స్టార్ ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపండి, యూపీఐలో డబ్బు తిరిగి వేస్తాం’ అంటారు. అలా చేస్తే నిజంగా కొన్నవాళ్ల రివ్యూ అన్న గుర్తు పడుతుంది. చూసేవాడిని మోసం చేయడానికే ఆ ఏర్పాటు. స్క్రీన్‌షాట్ వెళ్లాక డబ్బు రాకపోతే ఎవరికి చెప్పుకుంటారు? అలా పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేయడానికి కూడా సిగ్గుపడతారు.

చెప్పాల్సింది ఒక్కసారితో అయిపోదని గుర్తుంచుకోండి. జూన్‌లో ‘హాస్టల్‌కి తీసుకెళ్లాల్సిన 5 వస్తువులు’ అని రీల్ చేసి అందులో ఇదే కెటిల్ చూపిస్తే, ఆ 5లో ఇదొకటి ఫ్రీగా వచ్చిందని మళ్లీ చెప్పాలి. స్టోరీలో పెడితే స్టోరీలోనూ. పాత రీల్ చూసినవాళ్లే కొత్తది చూస్తారన్న గ్యారంటీ లేదు.

రేపు కెటిల్ బదులు 35,000 ఫోన్ వస్తే ఇంకో లెక్క ఉంది. ఒకే కంపెనీ నుంచి ఏడాదిలో 20,000 దాటి విలువైన వస్తువులు అందితే 10 శాతం టీడీఎస్ కట్టేలా ఆ కంపెనీ చూడాలన్న నిబంధన 2022 జులై నుంచి ఉంది. రివ్యూ చేసి ఫోన్ తిరిగిచ్చేస్తే అది వర్తించదు. అలా ఇచ్చేసినప్పుడు ‘రెండు వారాలు వాడి తిరిగి పంపాను’ అని వీడియోలో చెప్పండి, ‘ఫ్రీగా వచ్చింది’ కాదు.

ఉద్యోగం దగ్గరికి వద్దాం. పోర్ట్‌ఫోలియోలో ప్రతి రీల్ పక్కన వస్తువు ఎలా వచ్చిందో రాయండి: సొంతంగా కొన్నది, ఫ్రీగా వచ్చింది, తిరిగిచ్చింది. ఏజెన్సీల్లో ఈ లేబుళ్లు సరిచూడటం రోజువారీ పనే. వాళ్ల క్లయింట్‌కి నోటీసు వస్తే తలనొప్పి వాళ్లదే. ఫ్రెషర్‌కి ఈ సంగతి తెలిసి ఉండటం అరుదు. ‘ఇది చెప్పినందుకు కంపెనీ ఏమంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, పైన పంపమన్న మెసేజ్, దానికొచ్చిన జవాబు చూపించండి. ఇంకొకటి, ఫ్రీగా వచ్చిన వస్తువుల్లో కనీసం ఒకదానికి లోపం చూపించిన రీల్ ఉండాలి. కెటిల్‌లో మ్యాగీ చేస్తే అడుగంటుతుందా, హ్యాండిల్ వేడెక్కుతుందా, హాస్టల్ ప్లగ్‌కి వైర్ అందుతుందా చూసి చెప్పండి. ఇంకా వాడకపోతే మూడు వారాలు వాడాకే కెమెరా తీయండి.