మూడు నెలల్లో 20 కిలోలు తగ్గడం అయ్యే పనేనా? వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ సంగతి ఏంది?

ప్రశ్న: మా అక్కకు 44 ఏండ్లు, మిర్యాలగూడలో ఉంటది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోళీలు వేసుకుంటది. మూడు నెలల్ల బిడ్డ పెండ్లి, అప్పటికి 20 కిలోలు తగ్గాలంటది. నడుము 38 అంగుళాలే కదా అంటది. వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటే అయితదా?

జవాబు: ముందుగా ఆ 38 అంగుళాల లెక్క చూడాలె. మన ఆడవాళ్లు నడుము అంటే లంగా బొందు కట్టుకునే చోట కొలుస్తరు. మగవాళ్లయితే ప్యాంటు సైజు చెప్తరు, అది పొట్ట కింద బెల్టు పెట్టుకునే చోటు. కొలవాల్సింది ఈ రెండూ కాదు. పక్కకు చెయ్యి పెట్టి చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తదో చూడండి, దాని కింద తుంటి ఎముక పైఅంచు తగులుతది. ఆ రెండింటి నడిమధ్యన టైలర్ టేపు పెట్టాలె. బట్ట మీద కాదు, ఒంటి మీద. టేపు వెనకాల కిందికి జారకుండా ఇంకొకరు చూడాలె. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత, పొట్ట లోపలికి పీల్చకుండా చదవాలె. రెండుసార్లు కొలిస్తే ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి. ఇట్ల కొలిస్తే మీ అక్కకు 40 అంగుళాలు, అంటే 101 సెంటీమీటర్ల చుట్టుపక్కల తేలినా ఆశ్చర్యం లేదు.

మనవాళ్లకు ఆడవాళ్లలో 80, మగవాళ్లలో 90 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువైనట్టే లెక్క. ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే బీఎంఐ అయినా మనకు 25 నుంచే ఊబకాయం, మీ అక్కది దాదాపు 33.6. పొట్టలో పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకునే కొవ్వే షుగర్‌ను పెంచుతది కాబట్టి ఆమెకు కాటా కన్నా టేపే ముఖ్యం అంట నేను.

ఇప్పుడు 20 కిలోల సంగతి. కిలో కొవ్వు కరగాలంటే రమారమి 7,700 క్యాలరీల లోటు కావాలె. 20 కిలోలకు 1,54,000. 90 రోజులకు పంచితే రోజుకు 1,700 క్యాలరీలు. ఆమె రోజంతా తినేదే సుమారు 2,000 అనుకుంటే, ఇక మిగిలేది ఏముంది? అందుకే కుదరదు. మొండిగా చేస్తే కరిగేదాంట్లో కండ కూడా పోతది, తర్వాత తిండి మామూలు కాంగనే బరువు తిరిగొస్తది.

కుదిరేది ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం. అంటే 4 నుంచి 8 కిలోలు. పెండ్లి నాటికి 4 నుంచి 6 కిలోలు తగ్గితే మంచిగ అయినట్టే. తక్కువే అనిపిస్తది కానీ షుగర్, బీపీ, కాలేయంలో కొవ్వు అన్నీ ఈ మాత్రానికే కదులుతయి. నడుము కిలోకు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతది, అందుకే నెలకొకసారి కొలిస్తే చాలు. బరువు మాత్రం పొద్దున్నే, ఏమీ తినకముందు, అదే కాటా మీద చూడాలె. పచ్చడి ఎక్కువ తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి కిలో పెరిగినట్టు కనిపిస్తది, దానికి భయపడొద్దు.

రోజుకు 500 క్యాలరీల లోటుకు ఎక్కడ కోయాలో వంటింట్లోనే ఉంది. పూటకు 150 గ్రాముల బియ్యం వండుకునేచోట 100 చేస్తే, రెండు పూటలకు 350 క్యాలరీలు తగ్గుతయి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె పోతుంటే ఒక్కొక్కరికి రోజుకు 33 మిల్లీలీటర్లు. దాన్ని 18కి తెస్తే మరో 120 దాకా. అన్నం తగ్గిన చోట పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచాలె. జొన్నరొట్టె మంచిదే కానీ నాలుగు తింటే లెక్క మళ్లీ మొదటికొస్తది.

ఇంజెక్షన్ గురించి. తిన్న తర్వాత పేగులో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ మెదడుకు "చాలు" అని చెప్తది, కడుపు ఖాళీ కావడాన్ని నిదానం చేస్తది. కానీ అది నిమిషాల్లోనే కరిగిపోతది. సెమాగ్లూటైడ్ దాన్నే పోలినట్టు, వారమంతా నిలిచేలా తయారు చేసిన మందు. టిర్జెపటైడ్ దాంతోపాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పని కూడా చేస్తది. ఈ మందులు కొవ్వును నేరుగా కరిగించవు, ఆకలి తగ్గించి తినేది తగ్గేలా చేస్తయి.

మీరు అడిగిన మూడు నెలలకు ఇక్కడే మెలిక. సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలు, నాలుగు వారాల తర్వాత 0.5, మరో నాలుగు వారాలకు 1, తర్వాత 1.7, పదిహేడో వారానికి 2.4. మొదటి డోసులు కడుపుకు అలవాటు చేయడానికే. అంటే పెండ్లి నాటికి ఆమె 1 మిల్లీగ్రాము మీదనే ఉంటది. ఈ మందు మీద చేసిన పరీక్షల్లో షుగర్ లేనివాళ్లు 68 వారాల్లో దాదాపు 15 శాతం తగ్గితే, షుగర్ ఉన్నవాళ్లు 9.6 శాతమే తగ్గిండ్రు. ఆమెకు అది 8 కిలోలు, అదీ ఏడాది దాటాక. తొందరపడి డోసు దాటేస్తే వాంతులు పట్టుకుంటయి. బిర్యానీ, మిర్చి బజ్జీలాంటి నూనెవి కడుపులో ఎక్కువసేపు ఉండి వికారం పెంచుతయి. ఎండాకాలం వాంతులైతే ఒంట్లో నీళ్లు ఇట్టే పోతయి.

మీ అక్క విషయంలో నాకు ఎక్కువ భయం గ్లిమెపిరైడ్‌తోనే. తిండి తగ్గి, ఇంజెక్షన్ మొదలై, ఈ గోళీ మాత్రం పాత డోసులోనే ఉంటే షుగర్ మరీ పడిపోతది. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్లో కలిపి తాగించి, 15 నిమిషాలకు షుగర్ చూడండి. మొదలుపెట్టే ముందే డాక్టర్ చేత ఈ గోళీ తగ్గించుకోవాలె. కంటి పరీక్ష కూడా చేయించాలె, ఎందుకంటే షుగర్ వేగంగా తగ్గితే షుగర్ వల్ల అప్పటికే కంటి రెటీనాకు వచ్చిన జబ్బు ముదరొచ్చు. క్లోమం వాచే ప్యాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లు, ఇంట్లో మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ముందే ఆ మాట చెప్పాలె. వేసుకున్నాక పైకడుపులో నొప్పి లేచి వీపు దాకా పాకితే, దాంతో వాంతులుంటే, తర్వాతి డోసు ఆపి అదే రోజు ఆస్పత్రికి పోవాలె. దాన్ని గ్యాస్ అనుకొని ఇంట్లో కూర్చోవద్దు.

వాడని ఇంజెక్షన్ పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలె. ఫ్రీజర్ గోడకు ఆనుకొని గడ్డకడితే పారేయాల్సిందే. మే నెలలో నల్లగొండ పక్క 44 డిగ్రీలు ఎక్కుతది, బస్సులో సంచిలో తెచ్చిన పెన్ను 30 దాటకుండా చూసుకోవాలె, ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా బట్ట చుట్టాలె.

ఆపేస్తే ఏమైతదో కూడా అడగండి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు పరీక్షలో తేలింది. అందుకే పెండ్లి కోసం మూడు నెలలు వాడి వదిలేద్దాం అనుకుంటే డబ్బు దండుగ. ఏడాది పైన వాడగలిగితేనే, డాక్టర్ ఆమె కిడ్నీ, థైరాయిడ్, కళ్లు చూసి సరే అంటేనే మొదలుపెట్టాలె. లేదంటే ఈ మూడు నెలలకు బియ్యం కొలత, నూనె కొలత, రోజుకు 40 నిమిషాల నడక, వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే కసరత్తు చాలు. చక్కెర అందుబాటులో ఉంచుకొని, గ్లిమెపిరైడ్ డోసు గురించి మాత్రం డాక్టర్‌ను ఇప్పుడే అడగండి, ఎందుకంటే బియ్యం తగ్గించినా షుగర్ పడొచ్చు.