మొటిమలకు, గోటి ఫంగస్‌కు టీ ట్రీ ఆయిల్: ఎంత కలపాలి, ఎవరికి పడదు?

"నాకు మొటిమలతో పాటు కాలి బొటనవేలి గోటికి ఫంగస్ కూడా ఉంది. టీ ట్రీ ఆయిల్ నేరుగా రాయవచ్చా, ఏదైనా కలపాలా? నా చర్మం త్వరగా కందిపోతుంది."

ముఖానికి నేరుగా రాయకండి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిపై జరిగిన పరీక్షలో మొటిమలకు వాడినది 5 శాతం జెల్ మాత్రమే. అది మొటిమలకు మామూలుగా వాడే మందు బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం కన్నా నెమ్మదిగా పనిచేసింది కానీ ఇబ్బందులు తక్కువ పెట్టింది. నా అనుభవమూ అదే: మొదటి వారాల్లో మార్పేమీ తెలియలేదు, ఆ తర్వాత కొత్త మొటిమలు తగ్గాయి. 5 శాతం కావాలంటే 19 మిల్లీలీటర్ల జొజోబా నూనెకు 1 మిల్లీలీటరు టీ ట్రీ ఆయిల్ కలపాలి. చుక్కల పరిమాణం సీసా మూతను బట్టి మారుతుంది కాబట్టి సూది లేని సిరంజితో కొలవడం మేలు. నీళ్లలో మాత్రం కలపకండి. నూనె పైకి తేలి, దూదికి అంటుకునేది దాదాపు పలచబడని నూనే అవుతుంది.

గోటి సంగతి వేరు. 1994లో ప్రచురితమైన పరీక్షలో పలచన చేయని నూనెనే రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు నెలలు రాశారు. ఫంగస్ పూర్తిగా పోయినట్టు, గోటి నమూనా నుంచి ఫంగస్ పెరుగుతుందేమో ల్యాబ్‌లో చూసే కల్చర్ పరీక్షలో తేలింది 18 శాతం మందికే. అందువల్ల గోరు మొత్తం మందమై పసుపెక్కితే దీన్ని నమ్ముకుని కాలం గడపడం నా దృష్టిలో వృథా; చర్మవైద్యులు గోటి ముక్కను పరీక్షించి మందు ఇస్తారు. రాయాలనుకుంటే గోటి మీదే రాసి, చుట్టూ ఉన్న చర్మానికి అంటకుండా తుడిచేయండి.

ఇక పడకపోవడం గురించి. మా చెల్లెలు ఎప్పుడో తెరిచి కిటికీ పక్కన ఉంచిన సీసాలోని నూనెను గోటికి రాసుకుంటే, మొదట్లో ఏమీ కాలేదు. కొన్ని వారాల తర్వాత వేలి చుట్టూ దురద, సన్నని నీటి పొక్కులు మొదలై, నూనె తగలని పాదం పైభాగానికీ పాకాయి. రాసిన చోటే వెంటనే మండి కాసేపటికి తగ్గితే అది సాధారణంగా నూనె గాఢత వల్ల. ఒకటి రెండు రోజుల తర్వాత దురదగా మొదలై చుట్టుపక్కలకు వ్యాపిస్తే అలర్జీ అని అనుమానించాలి. గాలి, వెలుతురు తగిలిన నూనె ఆక్సీకరణం చెంది, అలర్జీ కలిగించే పదార్థాలు పెరుగుతాయి. ఎగ్జిమా ఉన్నవారూ, సెంట్ల వంటి పరిమళాలు పడనివారూ మరింత జాగ్రత్తగా ఉండాలి.

మీరు ముందుగా 5 శాతం మిశ్రమాన్ని ముంజేతి లోపలివైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. దురద వస్తే అక్కడితో ఆపేయండి. మా చెల్లెలికి ప్యాచ్ టెస్ట్‌లో అలర్జీ అని తేలాక, షాంపూ, ఫేస్‌వాష్ ఏది కొన్నా లేబుల్ మీద టీ ట్రీ శాస్త్రీయ నామమైన మెలల్యూకా ఆల్టర్నిఫోలియా అనే పేరు ఉందేమో చూసుకోవలసి వస్తోంది.