షుగర్ ఉన్నవాళ్లు నెల తప్పక ముందే డాక్టర్‌ను కలవాలి

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్లుగా షుగర్, ఏడాదిగా బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ, టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. మూడు నెలల షుగర్ పరీక్షలో 8.8 వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6. పెళ్లై రెండేళ్లు అయింది, ఇంట్లో పిల్లల కోసం తొందరపెడుతున్నారు. మా తోడికోడలికి ఆరో నెలలో షుగర్ వస్తే ఇన్సులిన్ తీసుకుంది, బాబు బాగానే పుట్టాడు. నేను కూడా నెల తప్పాక ఇన్సులిన్ మొదలుపెడితే సరిపోదా?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: సరిపోదమ్మా. మీ తోడికోడలికి షుగర్ వచ్చేనాటికి బిడ్డ గుండె, వెన్ను ఏర్పడిపోయాయి. మీ విషయంలో అవి ఏర్పడే రోజుల్లోనే రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటుంది.

క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. జూన్ 1న బహిష్టు అయ్యారనుకుందాం. 14వ తేదీ ప్రాంతంలో గర్భం నిలుస్తుంది. 29న రావాల్సిన నెలసరి రాలేదు. ఆలస్యమైందేమోలే అని పది రోజులు ఆగి, జూలై 9న ఇంట్లో పరీక్ష చేసుకుంటారు. రెండు గీతలు కనిపిస్తాయి. అప్పటికే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలై రెండు మూడు రోజులు అయి ఉంటుంది. వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం జూలై 12 కల్లా మూసుకుంటుంది. మీరు హన్మకొండకు వచ్చి, ఓపీ చీటీ రాయించుకుని డాక్టర్‌ను కలిసేసరికి 15వ తేదీ. ఆ రోజు ఇన్సులిన్ మొదలుపెట్టినా, గడిచిపోయిన ఆ నాలుగు వారాలు వెనక్కి రావు.

తల్లి రక్తంలోని షుగర్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. మొదటి వారాల్లో బిడ్డకు సొంత ఇన్సులిన్ కూడా ఉండదు. అందుకే ఆ దశలో అవయవాల నిర్మాణం దెబ్బతింటుంది, గర్భస్రావం భయం కూడా ఎక్కువ. మూడో నెల దాటాక బిడ్డ సొంతంగా ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. అప్పుడు షుగర్ ఎక్కువైతే బరువు పెరిగిపోతుంది, పుట్టగానే షుగర్ పడిపోతుంది. మీ తోడికోడలికి ఇన్సులిన్ ఇచ్చింది ఈ రెండో రకం ఇబ్బంది రాకుండా.

గర్భానికి ముందే మూడు నెలల షుగర్ 6.5 లోపుకు రావాలి. పదికి మించి ఉంటే అసలు ప్రయత్నమే వద్దంటాం. మీ 8.8ని మాత్రం నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే మీకు రక్తం తక్కువగా ఉంది. ఐరన్ లోపం ఉన్నప్పుడు ఈ పరీక్ష అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. ఐరన్ వాడాక తగ్గినట్టు కనిపించి, షుగరే తగ్గిందని మురిసిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకోండి. పరగడుపున, తిన్నాక రెండు గంటలకు చూసి ఓ నోట్‌బుక్‌లో రాయండి. ఏం తిన్నారో కూడా పక్కనే రాయండి. అన్నం తిన్న రోజుకూ జొన్నరొట్టె తిన్న రోజుకూ తేడా ఎంతో మీకే కనబడుతుంది. జొన్నరొట్టె కదా అని నాలుగు తింటే మాత్రం ఏ తేడా ఉండదు!

మందుల విషయానికొస్తే, మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చు. గ్లిమెపిరైడ్ ఆపి ఇన్సులిన్‌కు మారడం మంచిది. మీ గోలీలో రెండూ కలిసి ఉన్నాయి కనుక సగం విరిచి వేసుకుంటే కుదరదు, చీటీయే మారాలి. టెల్మిసార్టాన్ బిడ్డ కిడ్నీలకు హాని చేస్తుంది. దాని బదులు లాబెటలాల్ లేదా నిఫెడిపిన్ ఇస్తారు. మీ అంతట మీరే ఆపితే బీపీ పెరుగుతుంది, డాక్టర్ మార్చేదాకా వాడండి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములది ఇప్పుడే రాయించుకుని మూడో నెల నిండేదాకా రోజూ వేసుకోవాలి. మామూలుగా ఇచ్చే చిన్న మోతాదు షుగర్ ఉన్నవాళ్లకు చాలదు.

ఇన్సులిన్ పెంచక ముందే కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. రెటీనా అప్పటికే దెబ్బతిని ఉంటే, షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు అది ముదరవచ్చు. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలూ అప్పుడే చేయించండి. షుగర్ దించే క్రమంలో చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే మీటర్‌లో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి.

వీటన్నిటికీ మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా కండోమ్ వాడండి. అత్తగారికి చెప్పడం మీకు ఇబ్బందైతే మీ వారిని వెంట తీసుకెళ్లండి, డాక్టరే చెబుతారు.

ఒకవేళ ఈలోపే నెల తప్పితే భయపడి గర్భం తీయించుకోవద్దు. ఇలాంటి వారిలోనూ ఎక్కువ మందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఆ రోజే డాక్టర్‌ను కలిసి, మందులు అప్పటికప్పుడు మార్పించుకోండి. ఐదో నెలలో టిఫా స్కాన్, ఆ తర్వాత బిడ్డ గుండెకు ఎకో తప్పకుండా చేయించండి.