గీజర్ ఎక్కడ బిగించారు, చిన్నీ?

చిన్నీ,

ఫిజియాలజీ సెమినార్‌కి ఆక్సిజన్ కర్వ్ తీసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది. అదే ఫోన్‌లో, హాస్టల్ వదిలేసి మత్తికెరెలో ఫ్రెండ్స్‌తో ఇల్లు తీసుకున్నావనీ, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందనీ కూడా చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు కబుర్లకీ సంబంధం ఉంది, అందుకే రాస్తున్నాను.

కర్వ్ గీయడం నీకు నేను నేర్పక్కర్లేదు. ఆక్సిజన్ పీడనం 100 మి.మీ. దగ్గర హీమోగ్లోబిన్‌లో 97 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది, 40 దగ్గర 75, 27 దగ్గర సగం. సగం నిండే ఆ పీడనమే పీ50. వేడి, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్, 2,3-డీపీజీ పెరిగితే కర్వ్ కుడికి జరిగి హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని తేలిగ్గా వదులుతుంది, తగ్గితే ఎడమకి. పరుగెత్తేవాడి కాలి కండరాన్ని తలుచుకో, బట్టీ పట్టే పని ఉండదు. ఎడమకి జరిపేవాటి జాబితా చివర్లో అందరూ గబగబా చదివేసే కార్బన్ మోనాక్సైడ్ దగ్గర మాత్రం ఆగు. నేను ఆగలేదు.

1990ల చివర్లో, పీజీలో ఉన్నప్పటి మాట. డిసెంబరు పొద్దున, బెంగళూరు చలి. బాత్రూమ్‌లో పడిపోయిందని కొత్తగా పెళ్లైన అమ్మాయిని క్యాజువాలిటీకి తెచ్చారు. తలనొప్పి, వాంతులు, మాట తడబడుతోంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 98. కొత్త పెళ్లికూతురు, నెల తప్పిందేమో, కళ్లు తిరిగి ఉంటాయి అనుకున్నాను. 98 ఉన్నాక ఆక్సిజన్ దేనికని నర్సు పెట్టిన మాస్క్ నా చేత్తోనే తీసేశాను. సెలైన్ ఎక్కించి పక్క మంచానికి వెళ్లిపోయాను.

నలభై నిమిషాల తర్వాత మా సీనియర్ వచ్చారు. నన్నేమీ అడగలేదు. గోడకి ఆనుకుని తల పట్టుకు కూర్చున్న భర్తను చూసి, "నీకూ తలనొప్పేనా?" అన్నారు. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లింది అతనే. తర్వాత అత్తగారిని అడిగారు, "స్నానానికి నీళ్లు దేంతో కాస్తారమ్మా?" గ్యాస్ గీజర్‌తోనని ఆవిడ చెప్పింది. అంతే, ఇద్దరికీ బిగుతు మాస్క్‌తో నూరు శాతం ఆక్సిజన్ పెట్టించారు. గీజర్ మంట నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడే ఆ విషం. మామూలు గాలి పీలిస్తే అది రక్తంలో సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, నూరు శాతం ఆక్సిజన్‌తో గంటన్నర లోపే. నేను పోగొట్టిన నలభై నిమిషాలు అలాంటివి. ఆ అమ్మాయి కోలుకుని ఇంటికెళ్లింది. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతోందని అత్తగారు చెప్పింది. అది ఆ విషం వల్లేనా, నా వల్లేనా అని ఇప్పటికీ లెక్క వేసుకుంటుంటాను.

ఆక్సీమీటర్ తప్పేం లేదు. దానికున్నవి రెండు కాంతులే, ఎరుపు కాంతిలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ ఆక్సిజన్ ఉన్నదానిలాగే కనిపిస్తుంది. ధమని రక్తం ల్యాబ్‌కి పంపినా ఆక్సిజన్ పీడనం మామూలుగానే వస్తుంది, అది ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ లెక్క కాబట్టి. విడివిడిగా కొలవాలంటే కో-ఆక్సీమీటర్ కావాలి.

సెమినార్‌లో బోర్డు మీద ఈ లెక్క చెయ్యి. 15 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్న మనిషికి 100 మి.లీ. రక్తంలో 20 మి.లీ. ఆక్సిజన్. ఒళ్లు 5 తీసుకుంటే 15 మిగులుతుంది, అంటే 75 శాతం, సిరల్లో పీడనం 40. రక్తహీనతతో హీమోగ్లోబిన్ సగమైతే ఉండేది 10. గుండె అంతే రక్తం పంపుతోందనుకుంటే, 5 పోయాక సగం మిగులుతుంది, పీడనం 27. పాలిపోయి ఆయాసపడుతూ అయినా ఆ మనిషి ఓపీకి నడిచొస్తుంది. ఇప్పుడు సగం హీమోగ్లోబిన్‌ని కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిన మనిషిని చూడు. తనకీ 10 మి.లీ. ఉంది. కానీ అదే 5 బయటికి రావాలంటే పీడనం సుమారు 13కి పడిపోవాలి. నాలుగు చోట్లలో ఒకటి ఆ వాయువు పట్టుకుంటే మిగతావి ఆక్సిజన్‌ని బిగించి కూర్చుంటాయి, కర్వ్ ఎడమకి జరగడమంటే ఇదే. సరుకు ఇద్దరికీ ఒకటే, ఈమెకి మాత్రం గోదాం తలుపు తెరుచుకోదు. మెదడు 13తో బతకదు.

సార్ ప్రశ్నలడిగితే భయపడకు, నెమ్మదిగా చెప్పు. చిన్నప్పటి నుంచీ నీకు తొందరెక్కువ.

ఇక ఆ గీజర్. బాత్రూమ్‌కి కిటికీ ఉందిలే అనకు, చలికి మీరే మూసేస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గీజర్‌ని బయటి గోడకి మార్పించేదాకా నీళ్లు వంటింట్లో కిటికీ తీసి కాచుకో. రాడ్ హీటర్ పెట్టుకుంటానంటావేమో, దాని గురించి వేరే ఉత్తరంలో తిడతాను. ఓనర్ నంబరు ఈ రాత్రికే పంపు, ఆయనతో కన్నడలో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ