వక్త పరిచయం సొంత డబ్బాలా లేకుండా ఎలా రాయాలి?

ప్రశ్న: కృషి విజ్ఞాన కేంద్రంలో కీటక శాస్త్రవేత్తగా పనిచేస్తున్నాను. వచ్చే నెల రాష్ట్రస్థాయి వరి సదస్సులో, వరి రసం పీల్చే సుడిదోమ పురుగు గురించి మాట్లాడాలి. కార్యక్రమ పుస్తకంలో వేయడానికి నా పరిచయం పంపితే, 80 మాటల్లోపు, వేరేవాళ్లు చెబుతున్నట్టు, కాస్త తగ్గించి రాయమని తిప్పి పంపారు. 'నేను' తీసేసి 'ఆమె' పెట్టాను. అయినా సొంత డబ్బాలాగే ఉంది. రాసింది ఇది: "సుప్రసిద్ధ కీటక శాస్త్రవేత్త, రైతు బాంధవి, వ్యవసాయ రంగంలో పరిచయం అక్కర్లేని పేరు. రెండు దశాబ్దాల అపార అనుభవంతో అంతర్జాతీయ గుర్తింపు పొందారు. సుడిదోమను జయించే విప్లవాత్మక వరి రకాన్ని సృష్టించారు. ఇర్రిలో పనిచేశారు. వందకు పైగా ప్రచురణలు, ఎన్నో అవార్డులు ఆమె సొంతం. వేలాది రైతుల జీవితాల్లో వెలుగులు నింపారు."

అసలు వివరాలు: 2006 నుంచి సర్వీసు. 2009–15లో పరిశోధన స్థానంలో ఉన్నప్పుడు ఆ వరి రకానికి సుడిదోమ స్క్రీనింగ్ నేనే చూశాను. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రిలో రెండు వారాల శిక్షణ. పరిశోధన పత్రాలు 31, మిగతావి సదస్సు సారాంశాలు, రైతు పత్రికల వ్యాసాలు. అవార్డుల్లో రెండు సొసైటీలు ఇచ్చినవి, ఒకటి జనవరి 26న కలెక్టర్ గారిచ్చిన ప్రశంసాపత్రం. ఇప్పుడు 12 గ్రామాల్లో ప్రదర్శన క్షేత్రాలు ఉన్నాయి. ఎలా మార్చాలి?

జవాబు:

నమస్తే మేడమ్. మా శాస్త్రవేత్తల సంఘం సదస్సులకు కార్యక్రమ పుస్తకం కూర్చే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇలాంటి పరిచయాలు సరిదిద్దడం అందులో పెద్ద భాగం. మీ అసలు వివరాలు మీరు రాసిన పరిచయం కంటే చాలా బలంగా ఉన్నాయి. వాటిని పొగడ్తలు కప్పేశాయి, అంతే.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇది పుస్తకంలో అచ్చయి ఊరుకోదు. మీరు వేదిక మీద కూర్చుని ఉండగా సభాధ్యక్షులు దీన్నే మైకులో చదువుతారు. వరి సదస్సు కాబట్టి ముందు వరుసల్లో బ్రీడర్లు, తెగుళ్ల శాస్త్రవేత్తలు, మీతో పాటు అదే పరిశోధన స్థానంలో పనిచేసినవాళ్లు ఉంటారు. అందుకే నేను ప్రతి వాక్యాన్నీ ఒకే ప్రశ్నతో చూస్తాను: ఆ పనిలో మీ పక్కన ఉన్న మనిషి ఇది విని, అవును, ఇలాగే జరిగింది అంటారా? 'నేను' బదులు 'ఆమె' అని రాసినంత మాత్రాన ఆ మనిషి ఒప్పుకోరు. వాక్యంలో ఉన్న విషయమే మారాలి.

సుప్రసిద్ధ, రైతు బాంధవి, పరిచయం అక్కర్లేని పేరు. ఈ మూడూ తీసేయండి, వాటి స్థానంలో ఏమీ పెట్టొద్దు. అవి ఇతరులు మీ గురించి అనాల్సిన మాటలు. మీరు పంపిన కాగితంలో ఉన్నాయంటే ఎవరు రాశారో అందరికీ తెలిసిపోతుంది. "రెండు దశాబ్దాల అపార అనుభవం" బదులు "2006 నుంచి" చాలు. సంవత్సరం వేస్తే వినేవాళ్లే లెక్క వేసుకుంటారు. వచ్చే ఏడాది ఇంకో సదస్సుకు పంపేటప్పుడు దిద్దుకోవాల్సిన పని కూడా ఉండదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం, వరి రకాన్ని "సృష్టించారు" అన్నది. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఒక వరి రకం సంకరం చేసిన రోజు నుంచి విడుదల దాకా మామూలు పద్ధతిలో పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సంకరం చేసేది, తరం తర్వాత తరం మొక్కల్ని ఎంపిక చేసేది బ్రీడర్. పురుగులకు, తెగుళ్లకు పరీక్షించేది మీలాంటివాళ్లు. తర్వాత వేర్వేరు చోట్ల దిగుబడి పరీక్షలు, రైతుల పొలాల్లో చిన్న విత్తన సంచులతో వేసి చూసే మినికిట్లు, ఆపైన విడుదల కమిటీ. గోదావరి జిల్లాల రైతు ఎంటీయూ అని మొదలయ్యే వరి రకం పేరు వింటే మార్టేరు పరిశోధన స్థానం అంటాడు. ఒక మనిషి పేరు చెప్పడు. అలాంటి పనిని ఒక్కరి ఖాతాలో వేస్తే సభలో కూర్చున్న బ్రీడర్‌కు అది తన పని లాక్కున్నట్టు వినిపిస్తుంది.

ఒక సదస్సులో ఇది కళ్లారా చూశాను. వక్త పరిచయంలో ఒక రకాన్ని ఆయనే రూపొందించారని చదివారు. ప్రశ్నల సమయంలో వెనక వరుస నుంచి ఒక పెద్దాయన లేచి, ఆ రకానికి తల్లిదండ్రులు ఏవి, ఎన్నో తరంలో ఎంపిక స్థిరపడింది అని మర్యాదగానే అడిగారు. వక్త చెప్పలేకపోయారు. ఆయన నిజంగా చేసిన పని తెగుళ్ల పరీక్షలు, అవి చాలా మంచి పరీక్షలు. కానీ ఆ తర్వాత అరగంట ఆయన ఏం చెప్పినా సభ అనుమానంగానే వింది. చేసిన పనికి రావాల్సిన గౌరవం కూడా పోయింది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

మీరు చేసింది తక్కువ పని కాదు. ట్రేలలో నారు పెంచి, సుడిదోమ పిల్లపురుగుల్ని వదిలి, పక్కనే పోల్చి చూడటానికి దోమను తట్టుకోలేని టీఎన్1 రకాన్ని, తట్టుకునే పీటీబీ 33 రకాన్ని పెట్టి, టీఎన్1 దాదాపు అంతా ఎండిపోయిన రోజున ఒక్కో వరుసకు 0 నుంచి 9 వరకు స్కోరు ఇవ్వడం ఎంత ఓపిక పనో వరి మనుషులకు బాగా తెలుసు. అందుకే "రకాన్ని రూపొందించిన బృందంలో సుడిదోమ పరీక్షలు నిర్వహించారు" అని రాస్తే, వినేవాళ్లకు ఈ దృశ్యమంతా కళ్ల ముందుకు వస్తుంది. "విప్లవాత్మక" అంటే ఏదీ రాదు. "జయించే" కూడా వద్దు. మీ స్కోర్లు చెప్పేది తట్టుకోవడం గురించే. ఎరువు ఎక్కువ వేసిన పొలంలో, వేరే ప్రాంతపు దోమ ముందు అదే రకం దెబ్బతినవచ్చని మీకు నాకంటే బాగా తెలుసు.

ఇర్రి సంగతి కూడా ఇంతే. "పనిచేశారు" అంటే ఉద్యోగమో, ఫెలోషిప్పో అనుకుంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 2012లో రెండు వారాల శిక్షణ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ అంశం సుడిదోమ కాబట్టి అది ఇక్కడ సరిగ్గా పనికొచ్చే వివరమే. సంస్థ పేరు వచ్చేసింది గనక "అంతర్జాతీయ గుర్తింపు" విడిగా అక్కర్లేదు.

ప్రచురణలు కలిపి వంద అనొద్దు. మన రంగంలో ఎవరైనా జాబితా తెరిచి, జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ జర్నళ్లకు ఇచ్చే నాస్ రేటింగ్ చూడగలరు. సదస్సు సారాంశాల్ని పత్రాలతో కలిపి లెక్కపెట్టారని తెలిస్తే, ఆ 31 మీద కూడా నమ్మకం సడలుతుంది. 80 మాటల్లో నాకైతే సంఖ్య కంటే మీ క్షేత్రాల గురించిన వాక్యమే విలువైనది. చోటు మిగిలితేనే 31 వేయండి. రైతు పత్రికల వ్యాసాలు నిజంగా ఉపయోగపడే పని. రైతులు వచ్చే సభకు వెళ్లినప్పుడు వాటినే ముందు చెప్పండి.

అవార్డుల విషయంలో మిమ్మల్ని మీరే ఒక మాట అడగండి. సొసైటీల నుంచి ఎంపిక లేఖతో పాటు ఫీజు కట్టమని కూడా వచ్చిందా? అదే వేదిక మీద అదే పేరుతో డజన్ల మందికి ఇచ్చారా? అయితే అది మీ తప్పు కాకపోయినా పరిచయంలో పెట్టొద్దు, ఆ సొసైటీల పేర్లు సభలో చాలామందికి తెలిసే ఉంటాయి. కలెక్టర్ గారి ప్రశంసాపత్రం నిజమైన గౌరవం. కానీ అది మీ సేవకు ఇచ్చింది, ఈ ప్రసంగానికి నేరుగా సంబంధం లేదు. సర్వీసు రికార్డులో ఉండనివ్వండి.

"వేలాది రైతుల జీవితాల్లో వెలుగులు" అన్నచోట నాకు కనిపించేది మీ కేంద్రం వార్షిక నివేదికలో ఉండే శిక్షణ హాజరు లెక్క. హాజరైనవాళ్లందరికీ దిగుబడి పెరిగిందని మనం చెప్పలేం. 12 గ్రామాల్లో క్షేత్రాలు ఉన్నాయన్నది మాత్రం ఎవరైనా వెళ్లి చూడగలిగిన సంగతి. అక్కడ ఏం చేస్తున్నారో కూడా ఒక ముక్క చెప్పండి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, మధ్యమధ్య నీరు తీసి పొలాన్ని ఆరబెట్టడం మీ ప్రదర్శనల్లో ఉంటాయనుకుని కింద రాశాను. వేరే అయితే మార్చుకోండి.

ఇవన్నీ కలిపితే ఇలా వస్తుంది:

"డా. ______ ప్రస్తుతం ______ కృషి విజ్ఞాన కేంద్రంలో కీటక శాస్త్రవేత్త. 2006 నుంచి వ్యవసాయ పరిశోధన, విస్తరణ రంగాల్లో ఉన్నారు. 2009 నుంచి 2015 వరకు ______ పరిశోధన స్థానంలో, ______ వరి రకాన్ని రూపొందించిన బృందంలో సుడిదోమను తట్టుకునే గుణానికి పరీక్షలు నిర్వహించారు. 2012లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రెండు వారాల శిక్షణ పొందారు. ఇప్పుడు 12 గ్రామాల్లో రైతులతో కలిసి, కాలిబాటలు, నీటి యాజమాన్యంతో సుడిదోమను అదుపు చేసే ప్రదర్శన క్షేత్రాలు నిర్వహిస్తున్నారు. ఈ సదస్సులో ఆ క్షేత్రాల అనుభవాలను వివరిస్తారు."

ఖాళీలు నింపినా 80 మాటలు దాటదు. చివరి వాక్యం తీసేయొద్దు. ఈ అంశం మీద మాట్లాడటానికి మిమ్మల్నే ఎందుకు పిలిచారో చెప్పేది అదే.

మన గురించి మనమే "నిర్వహించారు", "పొందారు" అని రాసుకోవడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, గర్వంగా వినిపిస్తుందేమో అని. సంకోచించకండి. అక్కడ మాట్లాడుతున్నది కార్యక్రమ పుస్తకం, అది వక్తలందరినీ అలాగే సంబోధిస్తుంది. పేరు ముందు 'డా.' ఒక్కసారి చాలు, వెనక పిహెచ్‌డీ, 'గారు' వద్దు. 'ఆమె' అని కూడా ప్రతి వాక్యంలో రాయక్కర్లేదు, క్రియలోనే తెలిసిపోతుంది. ఇక తగ్గించమన్నారని "తన వంతు చిరు కృషి చేశారు", "పెద్దల ఆశీస్సులతో" లాంటివి చేర్చకండి. అవి కూడా పొగడ్తల్లాగే చోటు తింటాయి, ఏ సమాచారమూ ఇవ్వవు.

పంపే ముందు ఆ బృందంలోని బ్రీడర్‌కు ఫోన్ చేసి, వరి రకం గురించిన వాక్యం చదివి వినిపించండి. రకం అధికారిక పేరు, మీరు బృందంలో ఉన్న సంవత్సరాలు ఆయన రికార్డుతో సరిపోవాలి. ఆయన ఏదైనా మాట మార్చమంటే, మార్చిన తర్వాతే నిర్వాహకులకు పంపండి.