ఈస్ట్ బెలూన్‌ని ఊదుతుంది, కండరం ఊదదు: ఎందుకు?

ప్రశ్న: బెంగళూరులో ఫస్ట్ పీయూ చదువుతున్నాను. ఆక్సిజన్ చాలనప్పుడు ఈస్ట్‌లో, కండరాల్లో ఏం జరుగుతుందో పోల్చి రాయమంటే ప్రతిసారీ కలిపేస్తున్నాను. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వస్తుంది, ఏటీపీ ఎన్ని, ఎన్‌ఏడీహెచ్ చివరికి ఏమవుతుంది, పరీక్ష టెన్షన్‌లో అన్నీ తారుమారు అవుతున్నాయి. బట్టీ పట్టకుండా గుర్తుండే దారి ఏమైనా ఉందా?

జవాబు:

నాకూ సరిగ్గా ఇక్కడే మార్కులు పోయాయి. నెల్లూరులో తెలుగు మీడియంలో ఇంటర్ చదివి, డిగ్రీకి బెంగళూరు వచ్చాను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో కండరం సమీకరణం చివర కూడా కార్బన్ డయాక్సైడ్ రాసేశాను. మా మేడం ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘కార్బన్లు లెక్కపెట్టు’ అని మాత్రం రాశారు. ఆ తర్వాత ఈ ప్రశ్న నేనెప్పుడూ తప్పు రాయలేదు. ఇప్పుడు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రాలు బయాలజీ చెబుతున్నాను. వాళ్లతో కూడా ముందు కార్బన్లే లెక్కపెట్టిస్తాను.

```
ఈస్ట్  : C6H12O6 → 2 C2H5OH + 2 CO2
కండరం : C6H12O6 → 2 C3H6O3
```

గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు ఉన్నాయి. ఇథనాల్‌లో రెండే. రెండు ఇథనాల్ అణువులకు నాలుగు కార్బన్లు పోతే మిగిలిన రెండూ ఎక్కడికో వెళ్లాలి కదా, అవే రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు. లాక్టిక్ ఆమ్లంలో మూడు కార్బన్లు. రెండు అణువులకు ఆరూ సరిపోయాయి, వాయువుగా పోవడానికి ఒక్కటీ మిగల్లేదు. హాల్లో ఎంత టెన్షన్‌గా ఉన్నా ఈ లెక్క పది సెకన్లలో చేసుకోవచ్చు.

ఇక ఏటీపీ, ఎన్‌ఏడీహెచ్ సంగతి. గ్లైకాలిసిస్ రెండింటిలోనూ ఒకటే. కణద్రవ్యంలోనే జరుగుతుంది, ఆక్సిజన్ అడగదు. ఒక గ్లూకోజ్ రెండు పైరువిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. మొదట్లో రెండు ఏటీపీలు ఖర్చవుతాయి, తర్వాత నాలుగు వస్తాయి, నికరంగా మిగిలేవి రెండు. ఇంతవరకు అందరూ బాగానే రాస్తారు. అసలు విషయం మధ్యలో వచ్చే ఒక మెట్టులో ఉంది. గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ తీసే మెట్టు అది. ఆ హైడ్రోజన్‌ను అందుకోవడానికి ఎన్‌ఏడీ కావాలి. అందుకున్నాక అది ఎన్‌ఏడీహెచ్ అవుతుంది.

మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి ఇంటికొచ్చే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌ను తలుచుకోండి. ఖాళీ క్యాన్ ఇస్తేనే నిండు క్యాన్ ఇస్తారు. కణంలో ఎన్‌ఏడీ ఆ ఖాళీ క్యాన్ లాంటిది. ఎన్‌ఏడీహెచ్ నిండినది. కణంలో ఈ క్యాన్లు కొన్నే ఉంటాయి. ఆక్సిజన్ బాగా అందుతున్నప్పుడు వాటిని ఖాళీ చేసే పని మైటోకాండ్రియా చూసుకుంటుంది. ఆక్సిజన్ చాలకపోతే నిండిన క్యాన్లు పేరుకుపోతాయి, ఖాళీవి దొరకవు, గ్లైకాలిసిస్ ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఖర్చయ్యే రెండు ఏటీపీలు ఈ మెట్టుకు ముందే ఖర్చవుతాయి, రావలసిన నాలుగూ దీని తర్వాతే వస్తాయి. అంటే ఇక్కడ ఆగిపోయిన కణానికి లాభం లేకపోగా పెట్టుబడి కూడా పోతుంది.

కిణ్వనం చేసేది ఆ క్యాన్లను ఖాళీ చేసే పని. పైరువిక్ ఆమ్లం నుంచి ఇథనాల్ దాకా గానీ, లాక్టిక్ ఆమ్లం దాకా గానీ, ఆ భాగంలో ఒక్క ఏటీపీ కూడా తయారవదు. ఆ రెండు ఏటీపీలు గ్లైకాలిసిస్‌వి. ‘కిణ్వనంలో పైరువిక్ ఆమ్లం ఇథనాల్‌గా మారి 2 ఏటీపీ ఇస్తుంది’ అని రాసిన జవాబులు చాలా చూశాను, అది తప్పు. తుది ఫలితంలో ఎన్‌ఏడీహెచ్ కూడా రాయకూడదు. గ్లైకాలిసిస్‌లో రెండు వచ్చాయి, కిణ్వనంలో ఆ రెండూ వాడుకున్నాం, చివరికి సున్నా.

ఈ ఖాళీ చేసే పనిలోనే ఈస్ట్, కండరం వేరైపోతాయి. ఈస్ట్‌లో పైరువేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది పైరువిక్ ఆమ్లం నుంచి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా తీసేస్తుంది. మిగిలిన ఎసిటాల్డిహైడ్‌కు ఎన్‌ఏడీహెచ్ తన హైడ్రోజన్ ఇస్తుంది, అది ఇథనాల్ అవుతుంది. ఈ రెండో పని చేసేది ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. మన కండరంలో ఆ డీకార్బాక్సిలేజ్ లేదు. అందుకని ఎన్‌ఏడీహెచ్ నేరుగా పైరువిక్ ఆమ్లానికే హైడ్రోజన్ ఇచ్చేస్తుంది. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ సాయంతో ఒకే మెట్టులో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. హైడ్రోజన్‌ను అందుకునేది ఈస్ట్‌లో ఎసిటాల్డిహైడ్, కండరంలో పైరువిక్ ఆమ్లం. జవాబులో ఈ ఒక్క వాక్యం ఉంటే విషయం అర్థమై రాశారని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

పిల్లలకు నేను చేసి చూపించే ప్రయోగం ఒకటి ఉంది. చిన్న ప్లాస్టిక్ సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, బేకరీ సామాన్లు అమ్మే కొట్లో దొరికే డ్రై ఈస్ట్ ఒక చెంచా, మా వంటింటి త్రాసులో తూచిన 4.5 గ్రాముల గ్లూకోజ్ వేసి, మూతికి బెలూన్ తొడిగాను. పక్కన గ్లూకోజ్ వేయని సీసా ఇంకొకటి పెట్టాను. డిసెంబర్ చలికి మొదటి గంటలో పెద్దగా కదలిక లేదు. సీసాలు రెండింటినీ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాక గ్లూకోజ్ ఉన్నదాని బెలూన్ లేచి నిలబడింది. రెండోది వాలిపోయే ఉంది.

ఎంత వాయువు రావాలో ముందే లెక్క వేయించాను. గ్లూకోజ్ ఒక మోల్ 180 గ్రాములు, కాబట్టి 4.5 గ్రాములంటే నలభయ్యో వంతు. దానికి రెట్టింపు కార్బన్ డయాక్సైడ్, అంటే మోల్‌లో ఇరవయ్యో వంతు. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 24.5 లీటర్లు ఆక్రమిస్తుంది, కాబట్టి దాదాపు 1.2 లీటర్లు రావాలి. బెలూన్‌లో అంతకన్నా బాగా తక్కువే కనిపించింది. కొంత వాయువు నీళ్లలో కరిగిపోతుంది, కొంత చక్కెరను ఈస్ట్ తన ఎదుగుదలకు వాడుకుంటుంది, బెలూన్ మూతి దగ్గర కొంత కారిపోతుంది.

ఇక్కడ ఒక పిల్లవాడు మంచి ప్రశ్న అడిగాడు. ఆక్సిజన్‌తో శ్వాసించినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా, బెలూన్ ఉబ్బినంత మాత్రాన కిణ్వనమే అని ఎలా చెప్పగలం అని. చెప్పగలం. గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా వాడితే ఆరు అణువుల ఆక్సిజన్ లోపలికి పోయి, ఆరు అణువుల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. మూసిన సీసాలో వాయువు ఎంత ఉందో అంతే ఉంటుంది, బెలూన్ లేవదు. ఏ వాయువూ తీసుకోకుండా వాయువు ఇస్తేనే అది ఉబ్బుతుంది. సున్నపుతేట మాత్రం రెండు సందర్భాల్లోనూ తెల్లబడుతుంది, కాబట్టి ఈ తేడాను అది పట్టివ్వలేదు. లాక్టిక్ ఆమ్లం చేసే కండరాన్ని సీసాలో పెట్టగలిగినా బెలూన్ అలాగే వాలి ఉండేది, ఎందుకంటే గ్లూకోజ్ కార్బన్లు ఆరూ లాక్టిక్ ఆమ్లంలోనే ఉండిపోతాయి.

కండరం గురించి ఇంకొంచెం చెప్పాలి, పుస్తకాల్లో దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మా పక్కింటి అమ్మాయి కంఠీరవ స్టేడియంలో 400 మీటర్లు ప్రాక్టీస్ చేస్తుంది. చివరి వంద మీటర్లలో తొడలు మండిపోతాయి ఆంటీ అంటుంది. ఆ సమయంలో ఆమె కండరంలో ఆక్సిజన్ అసలు లేకుండా పోలేదు. కావలసినంత వేగంగా ఏటీపీ చేయడానికి అది చాలడం లేదు, అంతే. అందుకే జవాబులో ‘ఆక్సిజన్ లేనప్పుడు’ కంటే ‘ఆక్సిజన్ చాలనప్పుడు’ అని రాయడం మేలు. పరుగు ఆపాక లాక్టేట్ రక్తంలోకి వెళుతుంది. కొంత గుండె, ఇతర కండరాలు ఇంధనంగా వాడుకుంటాయి, కొంత కాలేయానికి చేరి మళ్లీ గ్లూకోజ్ అవుతుంది. దీన్నే కోరి వలయం అంటారు. రెండు లాక్టేట్‌ల నుంచి ఒక గ్లూకోజ్ చేయడానికి కాలేయం ఆరు ఏటీపీలకు సమానమైన శక్తి ఖర్చు పెడుతుంది. కండరం పొందింది రెండే, కాబట్టి ఇది అప్పు చేసి గడుపుకోవడం లాంటిది. మర్నాడు పట్టేసే ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణం కాదు. పరుగు ఆపిన గంట, గంటన్నరలో అది దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

ఆక్సిజన్ అందనంతవరకు ఈస్ట్‌కు ఈ వెసులుబాటు లేదు. కార్బన్ డయాక్సైడ్‌గా పోయిన కార్బన్ తిరిగి రాదు. తాను విడిచిన ఇథనాల్ చుట్టూ పేరుకుని, సుమారు 13 శాతం చేరేసరికి ఈస్ట్‌నే చంపేస్తుందని మీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉంది. పోల్చి రాసేటప్పుడు నేనైతే మొదట ఉమ్మడి విషయాలు రాస్తాను: గ్లైకాలిసిస్, కణద్రవ్యం, నికరంగా 2 ఏటీపీ, ఎన్‌ఏడీ తిరిగి తయారు కావడం. ఆ తర్వాత హైడ్రోజన్ అందుకునేది ఏది, ఎంజైములు ఏవి, కార్బన్ డయాక్సైడ్ వస్తుందా, ఉత్పన్నం చివరికి ఏమవుతుంది అనే తేడాలు, రెండు సమీకరణాలతో సహా. రెండు దారుల్లోనూ గ్లూకోజ్‌లోని శక్తిలో ఏడు శాతం కన్నా తక్కువే విడుదలవుతుందన్న మాట కూడా చేర్చండి. పూర్తి శ్వాసక్రియతో పోల్చమంటే పాత లెక్కలో 36 లేదా 38 ఏటీపీలు, ఇప్పటి లెక్కలో 30 నుంచి 32. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్న సంఖ్యే రాయండి.

ఉదాహరణ అడిగితే ఈస్ట్‌కు బ్రెడ్ పిండి రాయండి, ఇడ్లీ పిండి వద్దు. ఇడ్లీ పిండి పొంగడానికి ముఖ్య కారణం బ్యాక్టీరియా. వాటిలో ప్రధానమైన ల్యూకోనోస్టాక్ లాక్టిక్ ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడ్‌నీ రెండింటినీ ఇస్తుంది, అందుకే పిండి పులుస్తుంది, పొంగుతుంది కూడా. కాబట్టి ‘లాక్టిక్ ఆమ్ల కిణ్వనంలో కార్బన్ డయాక్సైడ్ రాదు’ అని మొత్తానికీ కలిపి రాయకండి, ‘కండరంలో రాదు’ అని రాయండి.