మెషిన్ కొనుగోలు: పేబ్యాక్ ఒక్కటే చూస్తే చాలా?

కొటేషన్ 4.5 లక్షలు, ఏటా 1.5 లక్షలు ఆదా. మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుంది, ఈ గడువే పేబ్యాక్. మరి కొనేయొచ్చా?

ముందు కొటేషన్ చివరి లైన్లు చదవండి. రవాణా, బిగింపు, వైరింగ్ ‘అదనం’ అని ఉంటే అవీ పెట్టుబడే. వాటికి 50 వేలు అనుకుంటే మొత్తం 5 లక్షలు, పేబ్యాక్ 3 ఏళ్ల 4 నెలలు.

మెషిన్ ఐదేళ్లు పనిచేస్తుందనీ, మీ డబ్బుకు ఏటా 12 శాతం రావాలనీ అనుకుందాం. ఐదేళ్లపాటు ఏటా వచ్చే డబ్బును 12 శాతం లెక్కన ఈనాటి విలువకు మార్చే గుణకం 3.605. ఏటా వచ్చే ఆదాను దానితో గుణిస్తే ఈనాటి విలువ సుమారు 5.41 లక్షలు. పెట్టుబడి తీసేస్తే 41 వేలు మిగులు. అదే నికర ప్రస్తుత విలువ. కొనొచ్చు.

కానీ ఆదా 1.35 లక్షలకు తగ్గితే? పేబ్యాక్ ఇంకా నాలుగేళ్లలోపే కనిపిస్తుంది, నికర విలువ మాత్రం మైనస్ 13 వేలకు పడిపోతుంది. కాబట్టి మెయింటెనెన్స్ తీసేశాకే ఆదా రాయండి. పని గంటలు తగ్గినా జీతం అంతే ఇస్తుంటే, దాన్ని ఆదాలో కలపకండి.